కొటేషన్ల పట్టిక: మార్కులు వేయాలా, రూపాయల్లోకి మార్చాలా?

తిరుపతిలో లాడ్జీలు, కల్యాణ మండపాలు నడిపేవాళ్లకు కొనుగోళ్ల లెక్కలు చూసిపెడుతుంటాను. పండగ సీజన్ ముందు అందరూ అడిగేది ఒకటే. మూడు కొటేషన్లు వచ్చాయి, ఒకాయన రేటు తక్కువ, ఇంకొకాయన వారంటీ ఎక్కువ, మూడో ఆయన అప్పు ఇస్తానంటాడు, వీటిని పక్కపక్కన పెట్టేదెలా అని. పట్టిక గీయడం అందరికీ వచ్చు. గీసిన తర్వాత ఏం చేయాలన్న దగ్గరే రెండు దారులున్నాయి. ఒకటి, రేటుకు 40, డెలివరీకి 20, వారంటీకి 20, చెల్లింపు షరతులకు 20 అని మార్కులు వేసి కూడడం. రెండోది, నాలుగింటినీ రూపాయల్లోకి మార్చి చివర ఒకే అంకె తేల్చడం. నేను రెండోదాని వైపే. ఎందుకో ఒక లాడ్జి బ్యాటరీల కొనుగోలు మీద చెబుతాను. అంకెలు తేలిగ్గా అర్థం కావడానికి కొద్దిగా సర్దాను.

రైల్వే స్టేషన్ దగ్గరి లాడ్జి. కారిడార్ లైట్లు, గదుల్లో ఫ్యాన్లు, రిసెప్షన్, సీసీ కెమెరాలు అన్నీ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి. దానికి 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు పది, వరుసగా కలిపినవి. పదీ మార్చాలి, బ్రహ్మోత్సవాల లోపు. చెన్నై డిస్ట్రిబ్యూటరు ఒక్కోటి 11,800 అన్నాడు. చిత్తూరు షాపాయన 13,100 అన్నాడు. తిరుపతి డీలరు 15,200 అన్నాడు. మేనేజరు చెన్నై కాగితం మీద అప్పటికే టిక్కు పెట్టేశాడు.

ఆ మూడు రేట్లూ మూడు వేర్వేరు వస్తువులకు వేసినట్టుగా ఉన్నాయి. చెన్నై రేటు మీద 18 శాతం జీఎస్టీ అదనం, లారీ బాడుగ 4,000 అదనం, బిగించే మనిషిని మనమే చూసుకోవాలి, దానికో 2,500. పాత బ్యాటరీలు తీసుకోడు, వాటిని ఇక్కడే పాత సామాన్లవాళ్లకు అమ్ముకుంటే ఒక్కోదానికి 1,500 వస్తుంది. చిత్తూరు రేటులో జీఎస్టీ, రవాణా, ఫిటింగు కలిసే ఉన్నాయి. కానీ అది పాత బ్యాటరీ ఇచ్చేస్తే పడే ‘ఎక్స్ఛేంజ్’ రేటు, ఆ మాట అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. తిరుపతి రేటులో అన్నీ కలిశాయి, పాతదానికి వేరేగా 1,700 తగ్గిస్తాడు.

ఇక్కడ జీఎస్టీ గురించి ఒక మాట చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి బ్యాటరీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. అదే రోజు నుంచి, రోజుకు 7,500 లోపు గదులకు 5 శాతం పన్ను, ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం లేదు. అంటే మామూలు లాడ్జికి బ్యాటరీ మీద కట్టిన జీఎస్టీ తిరిగి రాదు, అదీ ఖర్చే. అందుకని పన్ను కలిపిన రేట్లనే పోల్చాలి. అదే చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కొంటుంటే క్రెడిట్ వస్తుంది కాబట్టి పన్ను తీసేసిన రేట్లు పోల్చాలి. పక్కవాళ్ల పట్టిక తెచ్చుకుని మనది నింపుకుంటే తేడా వచ్చేది ఇలాంటి చోటే.

ఇక చెల్లింపు. చెన్నైకి మొత్తం అడ్వాన్సు, సరుకు వారానికి. చిత్తూరుకు సగం అడ్వాన్సు, సగం సరుకు దిగాక. తిరుపతి డీలరు బిగించాక 30 రోజులు ఆగుతాడు. లాడ్జికి బ్యాంకులో ఓడీ ఉంది, వడ్డీ 12 శాతం అనుకోండి. ముగ్గురి సరుకూ ఒకే రోజు దిగి బిగిస్తారనుకుని, తిరుపతికి కట్టే తేదీని గీటుగా పెట్టుకుని, మిగతావాళ్లకు అంతకంటే ఎన్ని రోజులు ముందు కడుతున్నామో లెక్కేస్తే చాలు. ఎక్సెల్‌లో బి గడిలో కట్టే మొత్తం, సి గడిలో రోజులు:

```
=B2*12%*C2/365
```

చిత్తూరులాగా రెండు విడతలుంటే రెండు వరుసలు వేసి కూడాలి.

| | చిత్తూరు | తిరుపతి | చెన్నై |
|---|---|---|---|
| కొటేషన్‌లో రేటు, ఒక్కోటి | 13,100 | 15,200 | 11,800 |
| పదింటికి అసలు ఖర్చు, పాతవి పోగా | 1,31,000 | 1,35,000 | 1,30,740 |
| ముందే కట్టినందుకు వడ్డీ | 1,500 | 0 | 1,750 |
| మొత్తం | 1,32,500 | 1,35,000 | 1,32,490 |
| డెలివరీ, రోజులు | 10 | 3 | 7 |
| వారంటీ, కాగితం మీద, నెలలు | 60 | 48 | 60 |
| అందులో ఉచితంగా మార్చేది, నెలలు | 30 | 48 | 36 |

ఒక్కో బ్యాటరీకి 3,400 అనుకున్న తేడా 250కి వచ్చింది. చెన్నై, చిత్తూరు అయితే పది రూపాయల తేడాతో సమానం. నెల రోజుల అప్పు అనేసరికి అందరూ పెద్ద లాభం అనుకుంటారు, దాని విలువ మొత్తం కొనుగోలు మీద పదిహేను వందలే. డబ్బు మన దగ్గర ఉంటే సరుకులో లోపం కనబడినప్పుడు డీలరు ఫోన్ ఎత్తుతాడు. అప్పులో అసలు లాభం అదే, అది మాత్రం వడ్డీ లెక్కలో పడదు.

డెలివరీ గడి దగ్గర మార్కుల పద్ధతి తేలిపోతుంది. తక్కువ రోజులవాడికి పూర్తి మార్కులు, మిగతావాళ్లకు ఆ నిష్పత్తిలో అనే లెక్కన తిరుపతికి 20, చిత్తూరుకు 6. ఏడు రోజుల తేడాకు 14 మార్కులు పోయాయి. అదే పద్ధతిలో రేటు గడిలో చెన్నైకి, తిరుపతికి మధ్యనున్న 4,260 రూపాయలకు పోయేది ఒకటింబావు మార్కు. బ్యాటరీలు కావలసింది మూడు వారాల తర్వాత. పదో రోజుకు వచ్చినా, మూడో రోజుకు వచ్చినా లాడ్జికి ఒరిగే తేడా ఏమీ లేదు. పైగా నాలుగో వ్యాపారి ఎవరో వచ్చి ‘రేపే దింపుతా’ అన్నాడనుకోండి, ఆయన దగ్గర కొనకపోయినా తిరుపతి, చిత్తూరుల మధ్య 14 మార్కుల తేడా ఐదు లోపుకు జారుతుంది. కొనబోని కొటేషన్ మిగతా ఇద్దరి మధ్య తేడాను మార్చేస్తే ఆ పట్టికను నమ్మేదెలా?

రూపాయల లెక్కలో డెలివరీకి సూత్రం సులువు. మనకు కావలసిన తేదీ రాసుకోవాలి. ఆ లోపు వచ్చేవాళ్లందరికీ సున్నా. ఆ తేదీ దాటితే, దాటిన ప్రతి రోజుకూ అద్దె జనరేటరుకు, డీజిలుకు ఎంతవుతుందో అంత ఆ వ్యాపారి ఖాతాలో కలపాలి. ‘10 రోజులు’ అన్నది ఆర్డరిచ్చిన రోజు నుంచా, అడ్వాన్సు ఖాతాలో పడ్డ రోజు నుంచా అన్నది ముందే అడిగి రాయించుకోవాలి. చిత్తూరు ఆయనది రెండోది.

ఇక వారంటీ. నా మటుకు బ్యాటరీల కొనుగోలు తేలేది ఈ గడిలోనే. కాగితం మీద 60 నెలలు అని ఉంటే అందులో కొన్ని నెలలు ఉచితంగా మార్చి ఇచ్చేవి, మిగతావి ‘ప్రో-రేటా’. ప్రో-రేటా అంటే చెడిపోయిన బ్యాటరీ వాళ్లకిచ్చేసి, కొత్తదాన్ని ఎమ్మార్పీ మీద కొంత శాతం తగ్గింపుతో కొనుక్కోవడం. తగ్గింపు ఎమ్మార్పీ మీద అన్నది గుర్తుంచుకోండి. చిత్తూరు బ్యాటరీ 40వ నెలలో పోయిందనుకుందాం. ఎమ్మార్పీ 20,000, ఆ నెలకు తగ్గింపు 30 శాతం అయితే మనం కట్టేది 14,000. అదే బ్యాటరీని వారంటీ ఊసెత్తకుండా బజారులో 15,200కు కొని, చెడిపోయినదాన్ని 1,700కు మార్చేస్తే అయ్యేది 13,500. వారంటీ వాడుకున్నందుకు 500 ఎక్కువ! తగ్గింపు శాతాలు వారంటీ కార్డు వెనక నెలలవారీగా ఉంటాయి, కొనేముందే ఫోటో పంపమని అడగండి. చాలాసార్లు ప్రో-రేటా విలువ సున్నా దగ్గర తేలుతుంది. అందుకే నా పట్టికలో ఉచిత మార్పిడి నెలలకే విలువ.

ఇప్పుడు తిరుపతి డీలరుకు ఎక్కువిచ్చే 2,500తో మనం కొంటున్నది చిత్తూరు కంటే 18 నెలల అదనపు ఉచిత మార్పిడి. ఆ 18 నెలల్లో పదింటిలో ఒక్కటి పోయినా మిగిలేది 13,500. అంటే అలా జరిగే అవకాశం ఐదింట ఒకటి ఉన్నా ఆ 2,500 దండగ కాదు. మన తిరుపతి ఎండల్లో, మెట్ల కింద గాలాడని గదిలో పెట్టిన బ్యాటరీలకు నాలుగో ఏడు గండం గడవడం అంత తేలిక కాదు. చెన్నైతో పోల్చినా దాదాపు అంతే సొమ్ముకు 12 నెలలు ఎక్కువ, పైగా చెడిపోయిన బ్యాటరీని లారీకెక్కించే బాధ లేదు.

మరో సంగతి. పది బ్యాటరీలు వరుసలో ఉన్నప్పుడు ఒకదాన్ని పరీక్షకు తీసుకెళితే మిగతా తొమ్మిదీ ఉత్తినే కూర్చుంటాయి, యూపీఎస్ ఆగిపోతుంది. సర్వీసు సెంటరులో చార్జి పెట్టి, దించి చూసి తేల్చడానికి కొన్ని రోజులు పడుతుంది. అన్నాళ్లూ ‘స్టాండ్‌బై’ బ్యాటరీ ఎవరిస్తారు? కొటేషన్లలో ఎవరూ రాయలేదు. అడిగితే తిరుపతి డీలరు ఇస్తానన్నాడు, చిత్తూరు ఆయన చూద్దామన్నాడు, చెన్నై నుంచి జవాబు లేదు.

మార్కుల పద్ధతి పూర్తిగా పనికిరాదని కాదు. వంట కాంట్రాక్టరునో, సెక్యూరిటీ ఏజెన్సీనో ఎంచుకునేటప్పుడు పనితీరును రూపాయల్లోకి మార్చలేం, అక్కడ మార్కులే దిక్కు. చాలా ప్రభుత్వ టెండర్లలో షరతులన్నీ ముందే ఒకటిగా బిగిస్తారు కాబట్టి తక్కువ రేటు చూస్తే సరిపోతుంది. నాలుగు ఫ్యాన్లు కొనడానికైతే పట్టికే అక్కర్లేదు.

లాడ్జివాళ్లు తిరుపతి డీలరుకే ఇచ్చారు. ఆర్డరు కాగితంలో మూడు షరతులు చేర్పించాను. వారంటీ ఇన్‌వాయిస్ తేదీ నుంచి మొదలవ్వాలి, పది బ్యాటరీల సీరియల్ నంబర్లూ ఇన్‌వాయిస్ మీదే ఉండాలి, పరీక్షకు తీసుకెళ్లిన రోజే స్టాండ్‌బై పెట్టాలి. మార్చి ఇచ్చిన బ్యాటరీకి మళ్లీ కొత్తగా 48 నెలలు కావాలని కూడా అడిగాం. దానికి ఒప్పుకోలేదు, పాతదానికి మిగిలిన నెలలే అన్నాడు. ఎక్కడైనా అంతే కాబట్టి పట్టుబట్టలేదు. చిత్తూరు ఆయన గనక ఉచిత మార్పిడి 48 నెలలున్న మోడలును వెయ్యి రూపాయల అదనానికి, స్టాండ్‌బై మాటతో ఇచ్చి ఉంటే ఆర్డరు ఆయనకే వెళ్లేది. ఆ మాట ఆయనకూ ఫోన్లో చెప్పాను.