మొదటి రుణానికి ముందు: ఎఫ్‌డీ కార్డా, ఫోను ఈఎంఐయా?

అమీర్‌పేటలో ఉండే ఒక ఫ్రీలాన్స్ డిజైనర్‌ను ఊహించుకుందాం. ఒక నెల 15,000 వస్తే, మరో నెల 80,000 వస్తుంది. ఇంతవరకు అప్పే చేయలేదు కాబట్టి సిబిల్ స్కోరు లేదు. రుణ చరిత్ర మొదలుపెట్టడానికి రెండు దారులున్నాయి.

జగదీశ్ మార్కెట్‌లో 24,000 ఫోను వడ్డీ లేని వాయిదాల్లో కొంటే, పన్నెండు నెలలు 2,000 చొప్పున కట్టాలి. చిక్కంతా తేదీతోనే. ఐదో తేదీన ఖాతాలోంచి డబ్బు తీసుకుంటారు; క్లయింటు ఇరవయ్యో తేదీన చెల్లిస్తాడు. వాయిదా బౌన్స్ అయితే బ్యాంకు జరిమానా ఒకటి, రుణసంస్థ జరిమానా మరొకటి. ఆలస్యం క్రెడిట్ నివేదికలోకీ ఎక్కుతుంది.

నేనైతే ఎఫ్‌డీని హామీగా పెట్టి ఇచ్చే క్రెడిట్ కార్డే తీసుకోమంటాను. మంచి నెలలో 30,000 డిపాజిట్ చేస్తే, బ్యాంకు అందులో ఎనభై శాతం ఇచ్చిందనుకున్నా కార్డు పరిమితి 24,000. సాధారణంగా ఆదాయ రుజువు అడగరు, డిపాజిట్‌పై వడ్డీ వస్తూనే ఉంటుంది. ఎంత ఖర్చు చేయాలో మన చేతిలోనే ఉంటుంది: పనిలేని నెలలో కార్డుతో ఫోను బిల్లు ఒక్కటి కట్టినా చాలు. కార్డు బిల్లు తయారయ్యే రోజుకు బాకీ 7,000, అంటే పరిమితిలో సుమారు ముప్పై శాతం, దాటకుండా చూసుకుని, గడువులోగా మొత్తం కట్టాలి. కనీస మొత్తమే కడితే మిగతాదానిపై భారీ వడ్డీ పడుతుంది. దాదాపు ఆరు నెలలకు స్కోరు కనిపిస్తుంది.

అయితే కార్డు ఆదాయాన్ని రుజువు చేయదు. వ్యక్తిగత రుణానికి వెళ్తే సాధారణంగా రెండేళ్ల ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. అందుకే క్లయింట్ల చెల్లింపులన్నీ ఒకే ఖాతాలోకి రప్పించుకోవాలి.