షింగెట్టి రాతప్రతుల ఊరు: ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

పశ్చిమాఫ్రికా ఎడారి దేశం మౌరిటానియాలో ఎవరైనా ధర చెబితే ముందు అడగాల్సింది ఒక్కటే: పాత ఉగియాలా, కొత్తవా? 2018లో అక్కడ కరెన్సీ మార్చి, పది పాతవాటికి ఒక కొత్తది ఇచ్చారు. జనం మాత్రం ఇంకా పాత లెక్కలోనే మాట్లాడతారు. షింగెట్టిలో మేము దిగిన మొదటి బస యజమాని "ఆరు వేలు" అన్నాడు. అంటే కొత్తవి 600, మన డబ్బుల్లో దాదాపు 1,300. గదికే అనుకున్నాం, అతనూ తలూపాడు. పొద్దున లెక్క తేల్చేటప్పుడు అది మనిషికట! ముగ్గురికి 1,800. దుప్పట్ల నిండా ఇసుక, బకెట్ నీళ్ళకు వేరే 50, రాత్రి తొమ్మిదికే కరెంటు బంద్. అక్క ఒక్క మాటా మాట్లాడకుండా డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. ఆవిడ మాట్లాడకపోతేనే మాకు టెన్షన్.

రాజధాని నౌవాక్‌షాట్ నుంచి అటార్ దాకా తారురోడ్డు, బస్సులో నిద్రపోతూ వెళ్ళిపోవచ్చు. అటార్ నుంచి షింగెట్టి 80 కిలోమీటర్లు, కొండ ఎక్కి దిగే మట్టిరోడ్డు. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, నడుం నొప్పి తప్ప.

మేము వెళ్ళింది గ్రంథాలయాల కోసం. షింగెట్టి, వదాన్, టిషిత్, వలాతా అనే నాలుగు పాత ఊళ్ళను యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకప్పుడు ఒంటెల బిడారులు ఆగిన ఊళ్ళు ఇవి. షింగెట్టిలో పుస్తకాలు ప్రభుత్వ భవనంలో కాక ఇళ్ళలో ఉంటాయి. పండిత కుటుంబాలు తరాలుగా దాచుకున్నవి. హబోత్ కుటుంబానిదే సుమారు 1,400 రాతప్రతులని చెబుతారు. తలుపుకు చెక్క తాళం, దానికి చెక్క తాళంచెవి. చెవికి ఉన్న పళ్ళు లోపలి మేకులను పైకెత్తితే గడియ జరుగుతుంది. బావగారు దాన్ని నాలుగుసార్లు తీయించి చూశారు.

నౌవాక్‌షాట్‌లో మాట్లాడుకున్న ఏజెంటు "అయిదు గ్రంథాలయాలు" చూపిస్తానని 2,500 పుచ్చుకున్నాడు. తెరిచి ఉన్నవి రెండే. మొదటిదానిలో కుర్రాడు ఫొటో కోసం పాత కాగితాన్ని నా చేతికే ఇవ్వబోయాడు. ఆ కాగితం అంచులు అరిగి పొడి రాలుతోంది. అది తీసిన కట్టలో ఆకు తర్వాత ఆకు ఒకే చోట చిల్లులున్నాయి. అంచు అరిగితే మనుషుల చేతుల వల్ల, చిల్లు ఆకులను దాటుకుంటూ లోపలికి పోతే పురుగు వల్ల. అక్కడ రెండూ కనిపించాయి. మనిషికి 200 తీసుకుని పావుగంటలో బయటికి పంపేశారు. బావగారు "గుడి దగ్గర చెప్పుల స్టాండువాడు ఇంతకన్నా ఓపికగా మాట్లాడతాడు" అని గొణిగారు.

రెండోది మాత్రం ట్రిప్ మొత్తాన్ని నిలబెట్టింది. ఇక్కడా 200. అరవై దాటిన పెద్దాయన మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి మూడు విడతలు టీ పోశారు. అటార్ నుంచి మాతో వచ్చిన గైడు అబ్బాయి ఆయన మాటలు ఇంగ్లీషులో చెప్పాడు. పుస్తకాలన్నీ ఒక్కచోట భద్రంగా పెట్టొచ్చు కదా అని అక్క అడిగింది. ఇవి వక్ఫ్ అన్నారాయన. అంటే తాతలు దానంగా రాసి కట్టేసిన ఆస్తి. వారసులు పంచుకోకూడదు, అమ్మకూడదు, చూసుకోవడం మాత్రం వాళ్ళ బాధ్యత. ఇంటి చెదలతో పోరాడేదీ వాళ్ళే.

ధర్మశాస్త్రం అల్మరా పెద్దది. ఈ ప్రాంతమంతా ఇస్లాం ధర్మశాస్త్రంలో మాలికీ శాఖ. పిల్లలు బట్టీపట్టేది 14వ శతాబ్దంలో ఈజిప్టులో ఖలీల్ రాసిన 'ముఖ్తసర్'. అది చాలా కుదించి రాసిన పుస్తకం, వ్యాఖ్య లేకుండా ముందుకు సాగదు. నాకు ఆసక్తి కలిగించింది ఆ పక్కనున్న 'నవాజిల్' కట్టలు. ఊళ్ళో నిజంగా వచ్చిన తగాదా ప్రశ్నగా రాస్తారు, పండితుడు పాత గ్రంథాల మాట ఎత్తి తీర్పు చెబుతాడు. సుల్తాను లేని ఎడారిలో వచ్చే ప్రశ్నలు కైరో పుస్తకాల్లో సిద్ధంగా దొరకవు. ఉదాహరణకు, ఇక్కడ యోధుల తెగలు దోపిడీ మీద బతికేవి, పండిత తెగలు వ్యాపారం చేసేవి. ఒంటెను అమ్మడానికి వచ్చిన యోధుడి సొత్తంతా దోచుకున్నదే అయితే దాన్ని కొనవచ్చా? కొంత న్యాయంగా వచ్చినది, కొంత దోచినది కలిసి ఉంటే? పండితులు దీనిమీద ఒక్క మాట మీదికి రాలేదు, తరాల తరబడి వాదించారు. కొనడం మానేస్తే బతుకే నడవదు మరి. గంటసేపు విన్నా నాకు విసుగు రాలేదు. బావగారికి మాత్రం కునుకు పట్టింది.

ఆయన్ను లేపింది ఖగోళం. పెద్దాయన 17వ శతాబ్దపు మొరాకో పండితుడు అల్-మర్గీతీ రాసిన 'అల్-ముఖ్ని' అనే పద్యగ్రంథానికి వ్యాఖ్య తీశారు. అందులో చంద్రుడి మజిలీలు 28, మన నక్షత్రాల్లాంటివి. బావగారు పంచాంగం మనిషి, "మనకు 27, వీళ్ళకు 28?" అని సర్దుకుని కూర్చున్నారు. సూర్యుడు ఒక్కో మజిలీలో 13 రోజులుంటాడు. 28 పదమూళ్ళు 364. మిగిలిన రోజు అల్-జబ్హా అనే మజిలీకి కలుపుతారు, అది మన మఖ. మన కార్తెల లెక్క వంటిదే ఇదీ.

వీటితో రాత్రి గంటలు చెబుతారు. 24 గంటలను 28తో భాగిస్తే సుమారు 51 నిమిషాలు, అంటే నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలకు పోయే గీతను ఒక మజిలీ దాటాక తర్వాతిది రావడానికి పట్టే సమయం. తెల్లవారుజాము నమాజు వేళకు ఏ మజిలీ నడినెత్తిన ఉంటుందో పట్టికలో చూసుకుంటారు. మేము వెళ్ళిన జనవరి మూడో వారానికి అది అల్-సిమాక్, మన చిత్త. జబ్హా నుంచి సిమాక్‌కు నాలుగు మజిలీలు. మనకూ అంతే: మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త. కాబట్టి మఖ నడినెత్తిన ఉంటే తెల్లవారడానికి ఇంకా దాదాపు 3 గంటల 25 నిమిషాలు.

ఆ రాత్రి బస మార్చాం. మనిషికి 400, మేడ మీద పరుపులు, దుప్పట్లు శుభ్రం. బావగారు అలారం పెట్టుకుని లేచి, ధ్రువ నక్షత్రానికి వీపు పెట్టి నిలబడ్డారు. మూడు కావడానికి పది నిమిషాల ముందు మఖ నడినెత్తికి వచ్చింది. లెక్క ప్రకారం 6:15. మసీదు అజాన్ 6:10కి వినిపించింది. నక్షత్రాల మధ్య దూరాలు నిజానికి సమానం కావు కాబట్టి ఈ లెక్క అన్నిసార్లూ ఇంత దగ్గరగా రాదు. మఖ-చిత్త జంట కుదిరింది, పుబ్బ నుంచి లెక్కపెడితే ఇరవై నిమిషాలకు పైగా తేడా వస్తుంది. అక్కకు కూడా ఆ పొద్దున కోపం పోయింది. ఇసుకలో కాల్చిన రొట్టె, ఖర్జూరం పెట్టారు, 60 ఉగియాలు. శాకాహారులకు ఈ దేశంలో అంతకన్నా మంచి భోజనం నాకు దొరకలేదు.

వెళ్ళేవాళ్ళు నౌవాక్‌షాట్‌లో ఏజెంటుకు పైసా ఇవ్వొద్దు. అటార్ బజారులో షేరు కారు మనిషికి 200కే ఎక్కించుకుంటారు. ఇంగ్లీషు వచ్చిన కుర్రాణ్ని అక్కడే రోజుకు 500కు మాట్లాడుకోండి. గ్రంథాలయంలో ఫొటోలు అడగకుండా "నవాజిల్ చూపించండి, మజిలీల పట్టిక చూపించండి" అనండి. అవి తెలిసిన ఇంట్లో గంటలు గడుస్తాయి, తెలియని ఇంట్లో పావుగంటలో బయటికి వస్తారు. గది ధర కాగితం మీద రాయించుకోండి, పక్కన "కొత్త" అనీ "గదికి" అనీ.