బిల్లులో 552 అడుగులు, నేల మీద 404: కారు దారికి ప్యావర్లు వేయించేవాళ్లు జాగ్రత్త

ఇంటి ముందు కారు దారికి ప్యావర్లు వేయించాలనుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి. ప్రొద్దుటూరులో రేగడి నేల మీద కట్టిన ఒక ఇంట్లో, పని అయిన తర్వాత మొదటి వానలకే టైర్లు తిరిగే రెండు చాళ్లూ కుంగిపోయి నీళ్లు నిలిచాయి. బ్లాకుల్లో లోపం లేదు. 60 ఎంఎం మందం, ఎం-35 గ్రేడు, ఇంటి కారుకు సరిపోయే సరుకే వచ్చింది. తప్పంతా కొలతలోనూ, వేస్టేజీలోనూ, ఇసుకలోనూ ఉంది. ఇదే తరహా కొటేషన్ కడపలోనూ అనంతపురంలోనూ ఎవరికైనా రావచ్చు కాబట్టి లెక్క విప్పి చెబుతున్నాం.

ఆ దారి గేటు దగ్గర 12 అడుగుల వెడల్పు, పోర్టికో దగ్గర 10 అడుగులు, పొడవు 40. కొటేషన్‌లో రాసింది 12 ఇంటూ 40, అంటే 480 చదరపు అడుగులు. దాని మీద 15 శాతం కటింగ్ వేస్టేజీ కలిపి 552. ఇసుక రెండు ట్రాక్టర్లు.

మొదట కొలత చూద్దాం. మన ఊళ్లలో ప్లాట్లు చాలావరకు సరిగ్గా మూలమట్టానికి ఉండవు. ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు ఉన్నప్పుడు రెండూ కలిపి సగం చేసి పొడవుతో గుణించాలి. ఇక్కడ సగటు 11 అడుగులు, విస్తీర్ణం 440. గేటు దగ్గర ఒక్కచోటే టేపు పట్టడంతో 40 అడుగులు ఊరికే పెరిగాయి. తర్వాత రెండు వైపులా నాలుగేసి అంగుళాల కర్బ్ రాయి పెట్టారు. దానికి అడుగుల లెక్కన వేరే డబ్బు తీసుకున్నారు, కానీ అది ఆక్రమించిన 27 చదరపు అడుగులను బ్లాకుల లెక్కలోంచి తీయలేదు. ఒకే జాగాకు రెండుసార్లు డబ్బు కట్టినట్టే. సంపు మూత 3 ఇంటూ 3, ఇంకో 9 అడుగులు. ఇవన్నీ తీసేస్తే నిజంగా బ్లాకు పరుచుకునే జాగా 404 చదరపు అడుగులు.

ఇక వేస్టేజీ. దీన్ని మొత్తం విస్తీర్ణం మీద శాతంగా వేయడమే అసలు తప్పు. కోత పడేది అంచుల్లో మాత్రమే, కాబట్టి లెక్క కూడా అంచుల వెంట సాగాలి. 200 ఇంటూ 100 ఎంఎం దీర్ఘచతురస్రపు బ్లాకు తీసుకోండి. సందుల్లో 3 ఎంఎం వదిలితే చదరపు అడుగుకు సుమారు 4.44 బ్లాకులు పడతాయి, 404 అడుగులకు దాదాపు 1,795. కారు నడిచే దిశకు అడ్డంగా వరుసలు వేస్తే 40 అడుగుల పొడవులో 118 వరుసలు వస్తాయి. ఒక పక్క కర్బ్‌ను ముందే సూటిగా కట్టి, అక్కణ్నుంచి పరుపు మొదలుపెడతారు. ఆ పక్క వరుస విడిచి వరుసకు సగం బ్లాకు కావాలి, ఒక బ్లాకు కోస్తే రెండు సగాలూ పనికొస్తాయి, వృథా లేదు. వాలుగా పోయే రెండో పక్కనే ప్రతి వరుసకూ వేరే సైజు ముక్క కావాలి. మిగిలిన ముక్క ఒక్కటీ వాడుకోకపోయినా, సగటున వరుసకు అర బ్లాకు, అంటే 59 బ్లాకులు పోతాయి. సంపు మూత చుట్టూ ఒక తొమ్మిది, పోర్టికో దగ్గర చివరి వరుస నిలువుగా కోయాల్సి వస్తే ఎనిమిది, దించేటప్పుడు విరిగేవాటికి రెండు శాతం లెక్కన 36. అన్నీ కలిపితే 112, అంటే ఆరు శాతం చిల్లర. దీనికి 15 శాతం అడగడానికి కారణమే లేదు. 45 డిగ్రీల ఏటవాలు హెరింగ్‌బోన్ డిజైన్ అయితే అంచు పొడవునా త్రికోణపు ముక్కలు పడతాయి, దానికి 10 శాతం అడిగినా న్యాయమే.

ఇంతకూ ఆ ఇంట్లో బిల్లు 552 అడుగులకు, అవసరం 404కు ఆరు శాతం చిల్లర కలిపి 429కి. తేడా 123 అడుగులు. అడుగు 50 రూపాయలనుకున్నా 6,150 రూపాయలు. పోనీ మిగిలిన బ్లాకులైనా ఇంట్లో ఉన్నాయా అంటే, ట్రాక్టరులోనే వెనక్కి పోయాయి.

అంచుల విషయంలో ఇంకొకటి కూడా గమనించండి. బ్లాకులో మూడో వంతు కంటే చిన్న ముక్కను అంచులో పెట్టకూడదు, టైరు ఎక్కగానే పక్కకు జరిగిపోతుంది. అలాంటి చోట పక్కనున్న నిండు బ్లాకును కూడా తీసేసి, ఆ జాగాను రెండు మధ్యస్థమైన ముక్కలతో నింపాలి. ఆ కోత శ్రమ తప్పించుకోవడానికి సిమెంటు మాలు పూసేస్తారు. 15 శాతం వేస్టేజీ తీసుకున్న ఈ పనిలోనూ వాలు అంచు పొడవునా మాలే కనిపించింది. అది పగిలాక పక్క బ్లాకులు వదులై సందులు తెరుచుకున్నాయి.

దారి కుంగడానికి అసలు కారణం మాత్రం ఇసుకే. బ్లాకు కింద ఇసుక పరుపు గట్టిపడ్డాక 25 నుంచి 40 ఎంఎం ఉంటే చాలు. 404 అడుగులకు 30 ఎంఎం అంటే 40 ఘనపుటడుగులు. వదులు ఇసుక వైబ్రేటర్ కింద అణుగుతుంది కాబట్టి నాలుగో వంతు కలిపితే 50. సందుల్లో ఊడ్చడానికి ఒక ఐదు, చిందిపోయేదానికి మరో ఐదు. మొత్తం 60, అంటే 100 ఘనపుటడుగుల యూనిట్ ఒకటి కూడా నిండదు. ట్రాలీకి 100 ఘనపుటడుగుల లెక్కన రెండు ట్రాక్టర్లు దించారంటే, పరిస్తే అర అడుగు మందం వదులు ఇసుక. కింద నాలుగైదు అంగుళాలు గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టాల్సిన చోట లెవెల్ కోసం ఇసుకే పోశారన్నమాట. పైనుంచి తిప్పే వైబ్రేటర్ దెబ్బ అంత లోతుకు అందదు. అడుగు ఇసుక వదులుగానే ఉండి, వాన నీళ్లు దిగాక కారు బరువుకు అణుగుతుంది. రేగడి కూడా తడిసి మెత్తబడితే ఇక చెప్పక్కర్లేదు.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. ఇసుక పోసేముందు, పూర్తయ్యాక రావాల్సిన లెవెల్‌కు దారం కట్టించండి. దారం నుంచి గట్టిపరిచిన గ్రావెల్ వరకు 60 ఎంఎం బ్లాకు, 30 ఎంఎం ఇసుక కలిసి 90 ఎంఎం, అంటే మూడున్నర అంగుళాలు ఎక్కడ కొలిచినా రావాలి. ఒకచోట మూడున్నర, ఇంకోచోట ఆరు వస్తే గుంటను గ్రావెల్‌తో పూడ్చి మళ్లీ కొట్టించాకే ఇసుక దించనివ్వండి. ఇసుకలో క్రషర్ డస్టు కలిపారేమో కూడా చూడండి. గాజు సీసాలో సగం ఇసుక, నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచితే మట్టి పైన పొరగా తేరుతుంది. పది సెంటీమీటర్ల ఇసుకకు ఆ పొర 8 ఎంఎం దాటితే తిప్పి పంపండి. అలాంటి ఇసుక నీళ్లను వదలదు. టైరు ఎక్కినప్పుడల్లా బురదగా సందుల్లోంచి పైకి వస్తుంది.

ఇప్పటికే కుంగిన దారి ఉన్నవాళ్లు పైనుంచి సందుల్లో ఇసుక కొట్టించి డబ్బు పోగొట్టుకోకండి. కుంగిన చాళ్ల వరకు బ్లాకులు విప్పి, పాత ఇసుక తోడేసి, గ్రావెల్ నాలుగంగుళాల పొరలుగా తడిపి కొట్టించి, పైన పలుచగా ఇసుక పరిచి అవే బ్లాకులు మళ్లీ వేయవచ్చు. కొత్త బ్లాకులు కొనాలని ఎవరన్నా చెబితే నమ్మొద్దు, పగిలినవి తప్ప మిగతావన్నీ పనికొస్తాయి.

కొత్తగా వేయించేవాళ్లు కొటేషన్‌లో ఈ నాలుగు మాటలు రాయించుకోండి: కర్బ్, సంపు తీసేసిన నికర విస్తీర్ణం, వేస్టేజీ బ్లాకుల సంఖ్య, గట్టిపడ్డాక ఇసుక మందం, మిగిలిన నిండు బ్లాకులు ఇంటివాళ్లవేనని. అందులో ఇరవై బ్లాకులైనా ఇంటి వెనక దాచి ఉంచండి. తర్వాత ఒకటి పగిలితే అదే రంగు మళ్లీ దొరకదు.