వాడని సెషన్లు ఏమవుతాయి: మారతహళ్ళి ఫిజియోథెరపీ క్లినిక్‌లో నా ఏడు నెలల అనుభవం

నాకు షుగర్ ఉంది. కుడి భుజం బిగుసుకుపోయి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవని స్థితిలో, 2025 జూన్ 2న బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో చేరాను. విడిగా అయితే సెషన్‌కు 800 రూపాయలు. 24 సెషన్ల ప్యాకేజీ 14,400, అంటే ఒక్కోటి 600 పడుతుంది. సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం ఏడున్నరకు. వైద్యం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. హిందూపురం నుంచి వచ్చిన థెరపిస్టు అమ్మాయి చాలా ఓపిగ్గా చేసింది. ఈ సమీక్ష రాస్తున్నది మధ్యలో నాలుగు వారాలు ఊరెళ్ళాల్సి వచ్చినప్పుడు మిగిలిన సెషన్లు ఏమయ్యాయో చెప్పడానికి.

పది సెషన్లు పూర్తయ్యాక గుంటూరులో అమ్మకు ఆపరేషన్ అన్నారు. జూన్ 23న థెరపిస్టుతో చెప్తే, "వెళ్ళి రండి మేడమ్, వచ్చాక కంటిన్యూ చేద్దాం" అంది. ఆ మాటతో పని అయిపోయిందనుకున్నాను. కానీ బుకింగులు ఆమె చేతిలో ఉండవు, ఫ్రంట్ డెస్క్ దగ్గర ఉంటాయి. ఎవరూ రద్దు చేయకపోవడంతో నా సెషన్లు సిస్టమ్‌లో అలాగే ఉండిపోయాయి. జూన్ 30 సాయంత్రం ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్ చూస్తే మిగిలినవి 14 కాదు, 11 అని మెసేజ్. 25, 27, 30 తేదీల పక్కన No show అని ఉంది. చెప్పకుండా రాకపోతే సెషన్ వాడినట్టే లెక్క. ఆ రాత్రి నాకు అమ్మ టెన్షన్‌కు ఈ టెన్షన్ తోడైంది.

మర్నాడు ఫోన్ చేస్తే డెస్క్‌లోని అమ్మాయి, "మిగతావన్నీ క్యాన్సిల్ చేసేస్తాను, బ్యాలెన్స్ అలాగే ఉంటుంది" అంది. అదృష్టం కొద్దీ గడువు గురించి అడిగాను. క్యాన్సిల్ చేస్తే సెషన్ మన ఖాతాలోకి తిరిగి వస్తుంది, కానీ ప్యాకేజీ గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. హోల్డ్ పెడితే గడువు కూడా ఆగుతుంది. ఈ రెండింటి తేడా డబ్బు కట్టేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. ఈ క్లినిక్ మీద నాకున్న అసలు కోపం అదే.

నా లెక్కే చూడండి. డబ్బు కట్టిన రోజు నుంచి 75 రోజులు, అంటే ఆగస్టు 16 వరకు గడువు. నేను తిరిగి మొదలుపెట్టేది జూలై 23న. అప్పటి నుంచి వారానికి మూడు చొప్పున, ఆగస్టు 15 సెలవు తీసేస్తే, పది సెషన్లే పడతాయి. క్యాన్సిల్‌తో సరిపెట్టుకుని ఉంటే నాలుగు సెషన్లు, 2,400 రూపాయలు పోయేవి. హోల్డ్ ఒక్కసారే, 30 రోజులకు మించకుండా ఇస్తారు, వెనక తేదీ నుంచి ఇవ్వరు. జూలై 1 నుంచి 21 రోజులు ఇచ్చారు, గడువు సెప్టెంబర్ 6కు జరిగింది. No show పడిన మూడూ, నేను ముందే చెప్పానని థెరపిస్టు డెస్క్‌కు చెప్పాక వెనక్కి వచ్చాయి. ఆమె నిలబడకపోతే వచ్చేవి కావు. ఇదంతా వాట్సాప్‌లో రాసి ఇమ్మని అడిగి తీసుకున్నాను.

రీఫండ్ కూడా అడిగాను. మిగిలిన 14ను 600తో గుణించి 8,400 ఇస్తారనుకున్నాను. అలా కాదు. వాడిన పదికి విడి ధర 800 చొప్పున 8,000 పట్టుకుని 6,400 ఇస్తారట. ఈ లెక్కన 18 సెషన్లు వాడాక మానేస్తే తిరిగి వచ్చేది సున్నా.

తిరిగొచ్చాక ఏడున్నర స్లాట్ వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. హోల్డ్ సెషన్లను కాపాడుతుంది కానీ టైమును కాపాడదు. రెండు వారాలు మధ్యాహ్నం రెండింటికి ఆఫీసులో పర్మిషన్ పెట్టి వెళ్ళాను. వెళ్ళే ముందే తిరిగొచ్చే తేదీ చెప్పి, మూడు రోజుల స్లాట్లూ ఒకేసారి బుక్ చేయించుకోవాల్సింది.

మొదటి రోజు మళ్ళీ కొలతలు తీసుకున్నారు. వెళ్ళే ముందు చెయ్యి ముందుకు 130 డిగ్రీలు లేచేది, ఇప్పుడు 120. మోచేయి ఒంటికి ఆనించి బయటికి తిప్పితే 35 నుంచి 25కు తగ్గింది. గుంటూరులో కర్రతో, గోడ మీద వేళ్ళు పాకిస్తూ రోజూ చేశాను, కానీ బయటికి తిప్పే వ్యాయామం నొప్పికి భయపడి వదిలేశాను. అక్కడే తగ్గింది. కాబట్టి మిగిలిన 14లో మొదటి మూడు, నాలుగు పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికే సరిపోయాయి. కొలతల రోజు కూడా ఒక సెషన్‌గానే లెక్కేశారు. సగం సేపు చికిత్స చేశారు కాబట్టి నేను వాదించలేదు.

ఆగస్టు 20కి 12 వాడాను. మిగిలిన రెండూ వెంటవెంటనే వద్దని, వారానికొకటి చేద్దామని థెరపిస్టు అంది. హోల్డ్ వల్ల గడువు మిగిలింది కాబట్టి అది కుదిరింది. ఆ తర్వాత మళ్ళీ డబ్బు కట్టినప్పుడు తగ్గింపు కాస్త తక్కువైనా 12 సెషన్ల ప్యాకేజీయే తీసుకున్నాను. రసీదు వెనకాల గడువు తేదీ, హోల్డ్ ఎన్ని రోజులు అన్నవి డెస్క్‌లో రాయించుకున్నాకే కట్టాను.