కాంటూరు గట్లు బాగానే ఉన్నాయి, అలుగు పెడితే

మాది బంగారుపాళ్యం వైపు గుట్ట దిగువన మామిడి తోట. ఎర్ర గరప నేల, వందడుగులకు మూడడుగులు దిగే వాలు. వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో పోసే ఈ గట్లు ఎందుకో అందరికీ తెలుసు, ఆ సోది వద్దు. నా కోపమంతా, నిండిన నీళ్ళు పొర్లిపోయేందుకు అలుగు పెట్టకుండా ఈ కొస నుంచి ఆ కొసకు గట్టు పోసి బిల్లు తీసుకుని పోయేవాళ్ళ మీదే.

మొదట్లో మాత్రం మురిసిపోయాను. వాన వెలిసాక ప్రతి గట్టు వెనకా నీళ్ళు నిలబడి, మర్నాటికి ఇంకిపోయేవి. పక్క తోటల వాళ్ళను పిలిచి మరీ చూపించాను.

2021 నవంబరు వానలు ఎలా కురిశాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పై గట్టు ఒకచోట పాత వంకను దాటుతుంది. అక్కడ పోసిన కొత్త మట్టి కుంగి, గట్టు మిగతా చోట్లకన్నా అరడుగు తగ్గింది. నిండిన నీళ్ళకు వేరే దారి లేదు, అక్కడే పొర్లి గండి పడింది. ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా కిందకు దూకి రెండో గట్టునూ తెంచాయి. గట్లే లేకపోతే నీళ్ళు పలచగా పారి పోయేవి. ఇప్పుడు మోకాటి లోతు కోత, రెండు చెట్ల వేళ్ళు బయటికి.

గండిని అరడుగు మందం చొప్పున మట్టి పోస్తూ, తడిపి, దిమ్మిసతో కొట్టించాను. కుంగుతుందని అక్కడ కావాలనే ఎత్తు పెంచాం. అలుగు మాత్రం ఆ పూడ్చిన చోట కాకుండా పక్కన గట్టి నేల మీద పెట్టాం. నేల నుంచి అడుగు ఎత్తున, నాలుగడుగుల వెడల్పున, కింద నీళ్ళు పడేచోట రాళ్ళు పరిచాం. దాని కింది గట్టుకు అలుగు అవతలి కొసన. అప్పుడే నీళ్ళు ఆ గట్టు పొడవునా నడిచి, నిదానించి దిగుతాయి. మీ గట్టు సంగతి తెలియాలంటే వానలోనే వెళ్ళి చూడండి. నీళ్ళన్నీ ఒక మూలకే చేరుతుంటే మట్టం తప్పినట్టే.

ఎండిన చెరుకాకు కప్పడం కూడా చేశాం. పాదుల్లో తడి బాగా ఆగింది. వాలులో పరిచింది మాత్రం పెద్ద వానకు కొట్టుకుపోయి అలుగుకే అడ్డం పడింది, కాబట్టి ఇప్పుడు పాదులకే పరిమితం. మొదలుకు జానెడు దూరం వదలకపోతే చెదలు.

నేనేమీ ఆశించనిది ఉలవే. సెప్టెంబరు మొదట్లో ఎకరాకు 12 కిలోలు చల్లితే, అక్టోబరు వానలకల్లా నేల కనబడకుండా అల్లుకుంటుంది. అలుగు దగ్గర పారే నీళ్ళు అంతకుముందు ఎర్రగా వచ్చేవి, ఉలవ ఉన్న వైపు తేటగా వస్తున్నాయి. కాకపోతే జూన్, జూలై వానలకు అది ఉండదు, అప్పుడు గట్టే దిక్కు.

మాకు మేకలు లేవు, తోట చుట్టూ కంచె ఉంది. ఊరి మందలు తిరిగే చోట ఉలవ మిగులుతుందని చెప్పలేను. నల్లరేగడి వాళ్ళు నా మాట విని గట్లు పోయకండి. ఆ నేల ఎండకు బీటలు వారుతుంది, గట్టూ దాంతోపాటే బీటలిస్తుంది.