సెకండ్‌హ్యాండ్ ఫ్లూయిడ్ కప్లింగ్ కొనేముందు ఆర్‌పీఎం అడగండి

"ఇది 75 కిలోవాట్లది సార్, మీ 55 కిలోవాట్ల మోటారుకి బోలెడు మార్జిన్" అని చెప్పి పాత ఫ్లూయిడ్ కప్లింగ్ అంటగడుతున్నారు. ఆ 75 ఏ స్పీడు దగ్గర అన్నది మాత్రం చెప్పరు. అలా కొన్న ఒక క్రషర్ కన్వేయర్‌లో రాయి నిండిన బెల్టు కదల్లేదు. మోటారు పూర్తి స్పీడులో తిరుగుతున్నా గేర్‌బాక్స్ షాఫ్టు నిలబడే ఉంది. కాసేపటికి ఫ్యూజిబుల్ ప్లగ్ కరిగి, కాలిన నూనె గార్డంతా చిమ్మింది.

కప్లింగ్‌లో మోటారువైపు ఇంపెల్లర్, గేర్‌బాక్స్‌వైపు రన్నర్ ఉంటాయి. రెండూ ఎక్కడా తగలవు. ఇంపెల్లర్ విసిరిన నూనె రన్నర్ రెక్కల మీద పడి దాన్ని తిప్పుతుంది. రెండూ సమాన వేగంతో తిరిగితే నూనె వాటి మధ్య ప్రవహించదు, టార్క్ ఉండదు. అందుకే పూర్తి లోడులో 2 నుంచి 4 శాతం స్లిప్, అంటే ఇంపెల్లర్ కంటే రన్నర్ అంత వెనకబడటం, ఉండి తీరాలి.

అసలు కిటుకు ఇక్కడుంది: అదే స్లిప్ దగ్గర టార్క్ వేగం వర్గాన్ని బట్టి, పవర్ వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. ఆ కప్లింగ్ 1480 ఆర్‌పీఎం మోటారు నుంచి ఊడదీసింది. దీన్ని బిగించిన మోటారేమో 980.

75 × (980 ÷ 1480)³ ≈ 22

అంటే 55 అవసరమైన చోట పెట్టింది 22 కిలోవాట్ల సరుకు. బెల్టు ఖాళీగా ఉంటే తిరుగుతుంది కాబట్టి ట్రయల్‌లో ఏమీ తెలియదు. లోడు పడ్డాక స్లిప్ పెరుగుతుంది, స్లిప్‌లో పోయిన పవరంతా నూనెలో వేడవుతుంది. 55 కిలోవాట్లకు 3 శాతమంటే 1.65 కిలోవాట్లు, పైన చల్లటి గాలికి పోతుంది. 10 శాతమైతే 5.5, అది పోదు. రన్నర్ ఆగిపోతే షాఫ్టు మీది పవరంతా నూనెకే.

"నూనె ఇంకొంచెం పోయండి" అని సలహా ఇస్తారు. కొంత పనిచేస్తుంది కానీ, సాధారణంగా 80 శాతం దాటి నింపకూడదు. నూనె వేడికి వ్యాకోచించడానికి చోటు కావాలి. పైగా నూనె ఎక్కువైతే స్టార్టింగ్ టార్క్ కూడా పెరుగుతుంది, సాఫ్ట్ స్టార్ట్ కోసం కప్లింగ్ పెట్టిన పని పోతుంది.

దీనికన్నా దారుణం, ప్లగ్ పదేపదే కరుగుతోందని మామూలు బోల్టు బిగించడం. ఆ ప్లగ్ కరిగేది (చాలావాటిలో 140 డిగ్రీలకు) లోపలి ఒత్తిడి బయటకు పోవడానికే. బోల్టు పెడితే సీళ్లు పగులుతాయి, షెల్ కూడా పగలొచ్చు. పాతది కొనేటప్పుడు ప్లగ్ విప్పి చూడండి: మధ్యలో మెత్తటి లోహం నింపిన రంధ్రం కనపడాలి.

బిగించాక పూర్తి లోడులో టాకోమీటర్‌తో రెండువైపులా కొలవండి. మోటారు 980 ఉంటే అటువైపు దాదాపు 940 నుంచి 960 రావాలి. 900 కంటే తక్కువుంటే సైజు చాలలేదు, లేదా నూనె తక్కువుంది. బిల్లు మీద సైజు, ఆర్‌పీఎం దగ్గర కిలోవాట్లు, నూనె గ్రేడు, ఎన్ని లీటర్లు అన్నవి రాయించుకోండి. రాయనంటే డబ్బు కట్టొద్దు.