ఒకే అద్దె, రెండు పుస్తకాలు: ఇండ్ ఏఎస్ 116, ఏఎస్‌సీ 842లలో ఏది మేలు?

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీల లెక్కలు చూసేవాళ్లకు ఈ తలనొప్పి తెలిసిందే. ఆఫీసు ఒకటే, ఓనరు ఒకరే, అద్దె ఒకటే. ఇక్కడి కంపెనీ పుస్తకాల్లో మాత్రం దాన్ని లీజులకు మన దేశ అకౌంటింగ్ ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 116 ప్రకారం ఒకలా రాస్తాం, అక్కడి మాతృసంస్థకు పంపే లెక్కల్లో అమెరికా లీజు ప్రమాణమైన ఏఎస్‌సీ 842 ప్రకారం ఇంకోలా రాస్తాం. మొదటిది మన దగ్గర 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రెండోది అమెరికాలో పబ్లిక్ కంపెనీలకు దాదాపు అప్పుడే మొదలైంది.

రెండింటిలోనూ లీజు బాకీ ఒకటే. తేడా అంతా ఆస్తి వైపే ఉంది. చిన్న లెక్క వేసి చూద్దాం.

మూడేళ్ల లీజు. అద్దె మొదటి ఏడు 10 లక్షలు, రెండో ఏడు 11, మూడో ఏడు 12. సులువు కోసం ప్రతి ఏడాది చివర్లో కడతామనుకుందాం. లీజులో దాగిన వడ్డీ రేటు మనకు తెలియదు కాబట్టి, అదే గడువుకు, అలాంటి హామీతో మన కంపెనీకి అప్పు ఏ రేటుకు దొరుకుతుందో ఆ రేటు తీసుకోవాలి. 10 శాతం అనుకుందాం.

ముందుగా ఈ మూడు అద్దెల ఇవాళ్టి విలువ తేల్చాలి. 10 లక్షలను 1.1తో భాగిస్తే 9,09,091. 11 లక్షలను 1.21తో భాగిస్తే మళ్లీ 9,09,091. 12 లక్షలను 1.331తో భాగిస్తే 9,01,578. మొత్తం 27,19,760. మొదటి రోజు బాకీ ఇదే. బ్రోకరేజీ, ముందస్తు చెల్లింపుల లాంటివి లేవనుకుంటే వాడుక హక్కు ఆస్తి కూడా ఇదే. ఆఫీసులో దాన్ని అందరూ ఆర్‌ఓయూ అనేస్తారు.

బాకీ షెడ్యూలు మామూలు లోన్ షెడ్యూలు లాంటిదే:

| ఏడు | మొదటి బాకీ | వడ్డీ | చెల్లింపు | చివరి బాకీ |
|---|---|---|---|---|
| 1 | 27,19,760 | 2,71,976 | 10,00,000 | 19,91,736 |
| 2 | 19,91,736 | 1,99,174 | 11,00,000 | 10,90,910 |
| 3 | 10,90,910 | 1,09,090 | 12,00,000 | 0 |

ఇక్కడిదాకా రెండు పుస్తకాలూ కలిసే నడుస్తాయి. దారులు వేరయ్యేది ఇక్కడి నుంచే.

ఇండ్ ఏఎస్ 116లో ఆర్‌ఓయూను యంత్రాన్నో ఫర్నిచర్‌నో చూసినట్టు చూస్తాం. 27,19,760ని మూడుతో భాగించి ఏడాదికి 9,06,587 తరుగుదల రాస్తాం. బాకీ మీద వడ్డీ వేరే పద్దు. మొదటి ఏడు రెండూ కలిపి 11,78,563 ఖర్చు, రెండో ఏడు 11,05,761, మూడో ఏడు 10,15,676. కట్టే అద్దె ఏటా పెరుగుతుంటే ఖర్చు ఏటా తగ్గుతుంది! కొత్తగా చేరినవాళ్లకు ఇది చూపిస్తే ఎక్కడో తప్పు చేశామని టెన్షన్ పడతారు. తప్పేమీ లేదు. బాకీ పెద్దగా ఉన్నప్పుడు వడ్డీ ఎక్కువ, అంతే.

ఏఎస్‌సీ 842లో ఆఫీసు అద్దెలు ఎక్కువగా ఆపరేటింగ్ లీజు కిందికే వస్తాయి. అక్కడ ముందే ఖర్చు తేల్చేస్తారు. మొత్తం 33 లక్షలు, మూడేళ్లు, కాబట్టి ఏడాదికి 11 లక్షలు. వడ్డీ, తరుగుదల అని విడివిడిగా చూపరు, ఒకే లీజు ఖర్చు. మరి ఆస్తి ఎంత తగ్గాలి? 11 లక్షల్లోంచి ఆ ఏటి వడ్డీ తీసేస్తే మిగిలిందే. మొదటి ఏడు 8,28,024, రెండో ఏడు 9,00,826, మూడో ఏడు 9,90,910. అంటే ఆస్తి తగ్గుదలకు సొంత లెక్కంటూ లేదు. జమాఖర్చు కుదరడానికి ఎంత కావాలో అంతే తగ్గిస్తారు.

మొదటి ఏడు చివర బ్యాలెన్స్ షీట్ చూస్తే బాకీ రెండు చోట్లా 19,91,736. ఆస్తి మాత్రం ఇండ్ ఏఎస్‌లో 18,13,173, అమెరికా లెక్కలో 18,91,736. రెండో దాంట్లో బాకీకీ ఆస్తికీ తేడా సరిగ్గా లక్ష. అది ఎక్కడిదంటే, 11 లక్షలు ఖర్చు రాసి 10 లక్షలే కట్టాం. ఇండ్ ఏఎస్‌లో ఆ తేడా 1,78,563. అది కూడా రాసిన ఖర్చులోంచి కట్టిన డబ్బు తీసేస్తే వచ్చే అంకే. నేను ఏ షెడ్యూలు చేతికొచ్చినా ముందు ఈ తీసివేతే చేస్తాను. మన ఉదాహరణలాగా మొదటి రోజు ఆస్తి, బాకీ సమానంగా ఉన్న లీజు అయితే, అప్పటిదాకా రాసిన ఖర్చంతా, కట్టిన డబ్బంతా తీసుకుంటే ఏ ఏడాది చివరైనా ఇది కుదిరి తీరాలి.

ఇక ఏది మేలు? బడ్జెట్ చూసే మేనేజరును అడిగితే ఏఎస్‌సీ 842 అనే అంటాడు. ఏటా 11 లక్షలు, ఎవరికీ వివరించాల్సిన పని లేదు. వడ్డీ, పన్నులు, తరుగుదల తీసేయకముందు ఉండే లాభాన్ని, అంటే ఎబిటాను చూసుకునే యాజమాన్యానికి ఇండ్ ఏఎస్ నచ్చుతుంది, ఎందుకంటే అద్దె మొత్తం వడ్డీ, తరుగుదలగా మారి ఎబిటా కిందికి జారిపోతుంది. వ్యాపారం ఏమీ మారకుండానే మొదటి ఏడు ఎబిటా 11 లక్షలు ఎక్కువ కనిపిస్తుంది. రెండు దేశాల కంపెనీలను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

షెడ్యూలు తయారుచేసే మనిషిగా నా ఓటు మాత్రం ఇండ్ ఏఎస్‌కే. అందులో తప్పు దాక్కోలేదు. ఎవరో పొరపాటున 10 శాతానికి బదులు 8 శాతం పెట్టారనుకోండి. మొదటి రోజు బాకీ 28,21,597 అవుతుంది, అంటే లక్షకు పైగా ఎక్కువ. ఇండ్ ఏఎస్‌లో మొదటి ఏటి ఖర్చు 11,66,260కి మారిపోతుంది, ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు. ఏఎస్‌సీ 842లో మాత్రం ఖర్చు అదే 11 లక్షలు! ఆస్తిని సర్దుబాటు అంకెగా వాడుతున్నాం కదా, బాకీలోని తప్పును అది మింగేస్తుంది. లాభనష్టాల పట్టిక చూసి ఎవరూ పట్టుకోలేరు. అందుకే ఆ పుస్తకంలో రేటుకు ఆధారం ఏమిటో మొదటి రోజే అడిగి ఫైల్లో పెట్టుకోవాలి.

రెండింటిలోనూ జరిగే తప్పు ఇంకోటుంది. మన దగ్గర అద్దె సాధారణంగా నెల మొదట్లోనే కడతాం. ఎక్సెల్‌లో ఇవాళ్టి విలువ తేల్చే NPV సూత్రం మాత్రం ప్రతి చెల్లింపూ కాలం చివర జరుగుతుందనుకుంటుంది. ఒకసారి నా చేతికొచ్చిన షెడ్యూల్లో బాకీ చివరి అద్దె తర్వాత మైనస్‌లోకి వెళ్లింది. తయారుచేసినతను దాన్ని రౌండింగ్ తేడా అని రాసి మూసేశాడు. మన ఉదాహరణలోనే 27,19,760తో మొదలుపెట్టి అద్దెలను ఏడాది మొదట్లో తీసేస్తూ పోతే, మూడో అద్దె కట్టగానే బాకీ మైనస్ 3,29,090 అవుతుంది. ఇంత పెద్ద రౌండింగ్ ఎక్కడా ఉండదు.

ముందుగా కట్టే అద్దె అయితే మొదటి రోజు చెల్లించిన 10 లక్షలు బాకీలోకి రావు, నేరుగా ఆస్తిలోకి వెళ్తాయి. B2 నుంచి B4 దాకా మూడు అద్దెలు ఉంటే, బాకీకి మొదటి సూత్రం, ఆస్తికి రెండోది:

```
=NPV(10%,B3:B4)
=B2+NPV(10%,B3:B4)
```

మొదటిది 19,91,736, రెండోది 29,91,736 ఇస్తాయి. బాకీ మీద ఏడాది వడ్డీ 1,99,174 కలిపి, రెండో ఏడు మొదట్లో 11 లక్షలు తీసేయండి. మిగిలిన 10,90,910కి 1,09,090 వడ్డీ కలిపితే సరిగ్గా 12 లక్షలు వస్తుంది. అది కట్టగానే సున్నా.